చాట్‌లో ఇచ్చిన మాట చెల్లాలంటే

ఇంటర్నెట్ కనెక్షన్ తీయించేయాలంటే ఇప్పుడు ఆఫీసుకు వెళ్లి ఉత్తరం రాసి ఇవ్వనక్కర్లేదు. కంపెనీ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో చాట్ తెరిస్తే అవతల కస్టమర్ కేర్ ఏజెంటు పలుకుతారు. ‘కనెక్షన్ రద్దు చేస్తున్నాం మేడం, మిగిలిన డబ్బు వారం రోజుల్లో మీ ఖాతాలో పడుతుంది’ అంటారు. మనం థాంక్యూ చెప్పి చాట్ మూసేస్తాం. నెల తిరిగినా డబ్బు రాదు. మళ్లీ చాట్ తెరిస్తే ఈసారి పలికేది వేరొకరు. ‘ఆ ప్లాన్‌లో రీఫండ్ ఉండదండీ, అలా ఎవరు చెప్పారు?’ అని ఎదురు అడుగుతారు. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో చూపించడానికి మన చేతిలో ఏమీ ఉండదు.

నిజానికి ఫోన్‌లో విన్న మాట కంటే చాట్‌లో చదివిన మాట మనకు మేలు. ఫోన్ సంభాషణను కంపెనీ రికార్డు చేసినా ఆ రికార్డింగు వాళ్ల దగ్గరే ఉంటుంది. చాట్ అలా కాదు, అక్షరాల్లో ఉంటుంది, ఇద్దరి కళ్ల ముందూ ఉంటుంది. కాకపోతే దాన్ని ఆ కాసేపట్లోనే మన దగ్గరికి తెచ్చుకోవాలి. అదీ, తర్వాత ఎవరూ కాదనలేని రూపంలో తెచ్చుకోవాలి.

మూసేస్తే ఏమవుతుంది?

వెబ్‌సైట్ మూలన తెరుచుకునే చాట్ విండో చాలా చోట్ల ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. కాసేపు మనం ఏమీ టైప్ చేయకపోతే ‘మీ నుంచి స్పందన లేదు’ అంటూ దానంతటదే ముగుస్తుంది. బ్రౌజర్ ట్యాబ్ మూసినా, పేజీని రిఫ్రెష్ చేసినా కొన్నింట్లో సంభాషణ మొత్తం మాయమవుతుంది. యాప్‌లో పాత చాట్లు కనిపించే కంపెనీలు కూడా ఉన్నాయి. అయితే రద్దు కోరిన మనిషికి అక్కడ ఒక చిక్కుంది. ఖాతా మూతపడగానే లాగిన్ ఆగిపోవచ్చు. లాగిన్ ఆగితే పాత చాట్ కూడా అందదు. రద్దు పూర్తయ్యాక చూసుకోవచ్చులే అనుకున్నవాళ్లకు ఎక్కువగా ఎదురుదెబ్బ తగిలేది ఇక్కడే.

చాట్ కంపెనీ సర్వర్లో ఉండవచ్చు. అది వాళ్ల అధీనంలోని రికార్డు. మనం అడిగినప్పుడు దొరుకుతుందో లేదో మన చేతుల్లో లేదు. అందుకే మన ప్రతి మన దగ్గర ఉండాలి.

ఒక ఉదాహరణ

విజయవాడలో ఒక కుటుంబం ఉందనుకుందాం. ఆరు నెలల బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌కు ముందుగానే డబ్బు కట్టారు. నెలకు ₹750 చొప్పున ₹4,500, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి ₹5,310. రూటర్‌కు డిపాజిట్ ₹1,500. రెండు నెలలు వాడాక ఇంటాయనకు వేరే ఊరికి బదిలీ అయింది. అక్కడ ఆ కంపెనీ సర్వీసు లేదు. మిగిలిన నాలుగు నెలల డబ్బు జీఎస్టీతో కలిపి ₹3,540. డిపాజిట్ కూడా కలిపితే వాళ్లకు రావాల్సింది ₹5,040.

ఇంటావిడ జూన్ 14న చాట్ తెరిచారు. పరిస్థితి చెప్పి, రద్దు చేయమని కోరారు. ఏజెంటు జవాబులు ఇలా వచ్చాయి: ‘తప్పకుండా మేడం. మీ రిక్వెస్ట్ నమోదు చేశాను. రూటర్ కోసం మా మనిషి వస్తారు. రీఫండ్ 7 పనిదినాల్లో ప్రాసెస్ అవుతుంది. ఇంకేమైనా సాయం కావాలా?’

చదవడానికి హాయిగా ఉంది. కానీ ఈ వాక్యాల్లో గట్టి మాట ఒక్కటీ లేదు. రిక్వెస్ట్ నమోదైందన్నారు గానీ కనెక్షన్ రద్దయిందనలేదు. రీఫండ్ ఎంతో చెప్పలేదు. ఏడు పనిదినాలు ఏ రోజు నుంచి లెక్కో చెప్పలేదు. ప్రాసెస్ అవుతుందంటే డబ్బు ఖాతాలో పడుతుందనే అర్థం రానక్కర్లేదు, వాళ్ల ఆఫీసులో కాగితం కదులుతుందని కూడా అనుకోవచ్చు. ఈ చాట్‌ను ఎన్ని స్క్రీన్‌షాట్లు తీసి దాచినా, రేపు ‘మేము ₹5,040 ఇస్తామని ఎక్కడ అన్నాం?’ అంటే జవాబు ఉండదు. మాటలోనే పస లేనప్పుడు దాని ఫొటోలో ఎక్కడ నుంచి వస్తుంది?

ముందు మాటను గట్టి చేసుకోవాలి

కాబట్టి చాట్ మూసే ముందు, విన్నదంతా మనమే ఒక సందేశంగా టైప్ చేసి, అవునో కాదో అడగాలి. పై ఉదాహరణలో ఇంటావిడ ఇలా రాయవచ్చు:

‘ఈ రోజు జూన్ 14. నా కస్టమర్ నంబరు ఫలానా. మీరు చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. ఒకటి, నా కనెక్షన్ నేటితో రద్దు, ఇకపై బిల్లు రాదు. రెండు, మిగిలిన నాలుగు నెలలకు ₹3,540, డిపాజిట్ ₹1,500, మొత్తం ₹5,040 నేను డబ్బు కట్టిన బ్యాంకు ఖాతాకే జూన్ 30 లోగా జమ అవుతుంది. మూడు, రద్దుకు గానీ రూటర్‌కు గానీ వేరే ఛార్జీ లేదు. ఇది సరైనదేనా? రద్దు రిఫరెన్స్ నంబరు, మీ పేరు చెప్పండి.’

దీనికి ఏజెంటు ‘అవును మేడం, సరైనదే’ అన్నారంటే ఆ ఒక్క జవాబులో అన్నీ వచ్చేసినట్టే. ఏ ఖాతా, ఏ తేదీ, ఎంత డబ్బు, ఎప్పటిలోగా అన్నవి ఒకేచోట ఉన్నాయి. తర్వాత చదివే అధికారికి ముప్ఫై సందేశాల చాట్‌లో వెతుక్కునే అవస్థ ఉండదు. పనిదినాలకు బదులు క్యాలెండర్ తేదీ అడగడం మరీ ముఖ్యం. గడువు దాటిందా లేదా అన్న వాదనకు అప్పుడు తావుండదు.

ఒకవేళ ఏజెంటు ‘కాదు మేడం, రూటర్ తీసుకున్న రోజు నుంచి లెక్క’ అని దిద్దితే అదీ మంచిదే. ఆ తేడా నెల తర్వాత కాకుండా ఇప్పుడే బయటపడింది. దిద్దిన వివరంతో సందేశాన్ని మళ్లీ రాసి, మళ్లీ అవుననిపించుకోవాలి. సూటిగా అవుననకుండా ‘మీ రిక్వెస్ట్ పైవాళ్లకు పంపాం’ అనే పాటే పాడుతుంటే, ఆ చాట్‌లో మీకు మాట దొరకలేదని అర్థం. ‘అయితే రద్దు ఇంకా కాలేదన్నమాట, అంతేనా?’ అని అడిగి, ఆ జవాబును కూడా భద్రపరచుకోవాలి. కనీసం రద్దు ఏ రోజున కోరారో దానితో రుజువవుతుంది. ఆ తర్వాతి రోజులకు బిల్లు వేస్తే అడ్డుకోవడానికి అది పనికొస్తుంది.

తర్వాత పట్టుకోవాలి

చాలా చాట్ విండోల్లో పైన మూడు చుక్కల మెనూలోనో, చాట్ ముగించేటప్పుడో సంభాషణను ఈమెయిల్‌కు పంపే వీలుంటుంది. దాన్నే చాట్ ట్రాన్‌స్క్రిప్ట్ అంటారు. అన్నిటికన్నా బలమైన ప్రతి అదే. ఎందుకంటే అది కంపెనీ సర్వర్ నుంచి కంపెనీ పేరుతో మీ మెయిల్‌కు వస్తుంది, మీరు తయారుచేసినది కాదు. మెనూలో కనిపించకపోతే ఏజెంటునే పంపమని అడగండి. మెయిల్ వచ్చిందని కళ్లతో చూశాకే చాట్ ముగించండి. తెరిచి చివరి సందేశం దాకా ఉందో లేదో కూడా చూడండి. చాట్ సగంలో పంపిస్తే అప్పటిదాకా జరిగిన మాటలే రావచ్చు.

ట్రాన్‌స్క్రిప్ట్ వచ్చినా స్క్రీన్‌షాట్లు తీయాల్సిందే. కంప్యూటర్‌లో విండోస్ ఉంటే Win + PrtSc నొక్కితే తెర మొత్తం Pictures లోని Screenshots ఫోల్డర్‌లో పడుతుంది. తెర మొత్తం తీయడంలో ఒక లాభముంది. పైన వెబ్‌సైట్ చిరునామా, కింది మూలన తేదీ, సమయం కూడా బొమ్మలో వస్తాయి. చాట్ పెట్టె వరకే కత్తిరించి తీస్తే అవి పోతాయి. ఫోన్ తెర మీద మామూలుగా టైమే ఉంటుంది, తేదీ ఉండదు. అందుకే మన సందేశంలోనే ‘ఈ రోజు జూన్ 14’ అని రాయమన్నది.

పొడుగు చాట్‌ను ముక్కలుగా తీసేటప్పుడు, ముందు బొమ్మలోని ఆఖరి రెండు సందేశాలు తర్వాతి బొమ్మలో పైన మళ్లీ కనిపించేలా తీయండి. అప్పుడు మధ్యలో ఏదో దాచారని ఎవరూ అనలేరు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో స్క్రీన్‌షాట్ తీయగానే కింద Capture more లాంటి బటన్ వస్తుంది, దానితో కిందికి జరుపుతూ ఒకే పొడుగు బొమ్మ తీయవచ్చు. అది అన్ని యాప్‌లలో పనిచేయదు. పనిచేయనిచోట స్క్రీన్ రికార్డింగ్ పెట్టి, చాట్‌ను మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా జరపండి.

కంప్యూటర్‌లో Ctrl + P నొక్కి పీడీఎఫ్‌గా దాచుకునేవాళ్లు ఒక సంగతి గమనించాలి. చాట్ పెట్టె పేజీలో అంతర్భాగం కాకుండా పైన అతికించిన వేరే చిన్న విండో కావడం వల్ల, పీడీఎఫ్‌లో వెబ్‌సైట్ హోమ్ పేజీ చక్కగా వచ్చి, చాట్ రాకపోవచ్చు. వచ్చినా తెర మీద కనిపిస్తున్న నాలుగు లైన్లే రావచ్చు. పీడీఎఫ్ తెరిచి చూడకుండా చాట్ మూయకండి.

వాట్సాప్‌లో కస్టమర్ కేర్‌తో మాట్లాడితే Export chat నొక్కి సంభాషణ మొత్తం ఫైలుగా దించుకోవచ్చు. అయితే అది మామూలు టెక్స్ట్ ఫైలు. దాన్ని ఎవరైనా దిద్దగలరు కాబట్టి, కంపెనీ పేరు, నంబరు కనిపించే స్క్రీన్‌షాట్లు దానికి తోడుండాలి.

అదే రోజు ఒక మెయిల్

చాట్ అయిపోయిన వెంటనే కంపెనీ కస్టమర్ కేర్ మెయిల్‌కు ఒక ఉత్తరం పంపండి. చాట్‌లో రాసిన సారాంశాన్నే మళ్లీ పెట్టి, ఏజెంటు పేరు, సమయం, రిఫరెన్స్ నంబరు రాసి, స్క్రీన్‌షాట్లు జతచేయండి. ‘ఇందులో ఏదైనా పొరపాటుంటే తెలియజేయండి’ అని ముగించండి.

ఈ మెయిల్ రెండు పనులు చేస్తుంది. బొమ్మలు నిజంగా జూన్ 14నాటివే అనడానికి మెయిల్ సర్వర్ వేసే తేదీ సాక్ష్యం అవుతుంది, నెలల తర్వాత తయారుచేశారన్న అనుమానం నిలవదు. ఇక రెండోది, చాట్‌లో ఏం జరిగిందో కంపెనీకి అదే రోజు రాతపూర్వకంగా తెలిసింది. వాళ్లు కాదనలేదు. ఆ మౌనం ఒప్పుకోలు కాకపోయినా, తర్వాత ఎదురుతిరిగితే ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారన్న ప్రశ్నకు వాళ్లు జవాబు చెప్పాల్సి వస్తుంది.

రూటర్ తీసుకెళ్లే రోజు కూడా ఇదే జాగ్రత్త కావాలి. కింద స్టిక్కర్ మీదున్న సీరియల్ నంబరు కనిపించేలా ఫొటో తీసుకుని, వచ్చిన మనిషి దగ్గర రసీదు గానీ మెసేజ్ గానీ తీసుకోవాలి. అది లేకపోతే చాట్ ఎంత గట్టిగా ఉన్నా ‘రూటర్ అందలేదు’ అన్న ఒక్క మాటతో రీఫండ్ ఆగిపోతుంది.

అసలు ఫైలును ముట్టుకోవద్దు

స్క్రీన్‌షాట్ మీద ఎర్ర గీతలు గీయడం, కావలసిన ముక్క కత్తిరించడం అందరూ చేసే పనే. చేయండి, కానీ కాపీ మీద. అసలు ఫైలు తీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది, ఫైలులో దాగి ఉండే వివరాలు కూడా పోవచ్చు. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి.

దీనికి చట్టపరమైన కారణం ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని సాక్ష్యంగా పెట్టేటప్పుడు ఒక సర్టిఫికెట్ జతచేయాలి. పాత చట్టంలో అది 65బి సర్టిఫికెట్. కొత్త నమూనాలో రెండు భాగాలున్నాయి, ఒకటి పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు నింపేది, రెండోది నిపుణుడు నింపేది. అందులో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలులోని సమాచారాన్ని బట్టి లెక్కగట్టిన పొడుగాటి అక్షరాల, అంకెల వరుస. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ వరుస మారిపోతుంది. విండోస్ కంప్యూటర్‌లో దాన్ని చూడటానికి ఈ ఒక్క లైను చాలు:

```
certutil -hashfile chat.pdf SHA256
```

ఐదు వేల రూపాయల తగాదాకు ఇంత అవసరమా అనిపించవచ్చు. వినియోగదారుల కమిషన్లలో విచారణ సివిల్ కోర్టుల కంటే సరళంగా సాగుతుంది, ఎక్కువగా అఫిడవిట్లు, పత్రాల మీదే నడుస్తుంది. చాలా తగాదాలు అక్కడిదాకా వెళ్లనే వెళ్లవు. అయినా ‘ఈ స్క్రీన్‌షాట్ కల్పితం’ అని కంపెనీ లాయరు అంటే, తాకని అసలు ఫైలు, అదే రోజు పంపిన మెయిల్ మీ పక్షాన నిలబడతాయి. చాట్ చేసిన ఫోనును కూడా గొడవ తేలేదాకా అమ్మేయకండి, ఫార్మాట్ చేయకండి. అసలు పరికరాన్నే దాని యజమాని కోర్టులో చూపించగలిగితే సర్టిఫికెట్ అక్కర్లేదని 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

డబ్బు రాకపోతే

జూన్ 30 దాటింది, డబ్బు రాలేదు. ఇప్పుడు కోపంగా కొత్త చాట్ తెరిచి మొదటి నుంచీ కథ చెప్పాల్సిన పని లేదు. కంపెనీకి ఫిర్యాదు పెట్టి, జూన్ 14నాటి చాట్ జతచేసి, డాకెట్ నంబరు తీసుకోండి. టెలికాం, బ్రాడ్‌బ్యాండ్ కంపెనీల్లో రెండో మెట్టు అప్పిలేట్ అథారిటీ. ట్రాయ్ నిబంధనల ప్రకారం అక్కడ అప్పీలుకు ఫీజు లేదు. ఈ మెట్టులో ఫైలు చూసేది చాట్ ఏజెంటు కాదు, నిర్ణయం తీసుకోగల మనిషి. కథ కంటే కాగితం బాగా పనిచేసేది ఇక్కడే.

అమెరికాలో 2014లో కామ్‌కాస్ట్ కస్టమర్ ఒకరికి ఇలాంటి అనుభవమే ఎదురైంది. ఛార్జీ ఉండదని చెప్పి తర్వాత బిల్లు వేశారు. ఆయన మొదటి ఫోన్ సంభాషణను రికార్డు చేసి ఉంచుకున్నారు. అది వినిపించాకే ఆ డబ్బు వెనక్కి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. రికార్డింగు ఉండబట్టే ఇస్తున్నామని కంపెనీ ప్రతినిధే అన్న మాట కూడా రికార్డయి, అక్కడి పత్రికలకెక్కింది.

కంపెనీ తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, ఫిర్యాదును కంపెనీ ముందుంచి పరిష్కరించమంటారు. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఫిర్యాదును ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు, చెల్లించిన సొమ్ము ₹5 లక్షల లోపయితే ఫీజు లేదు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, కంపెనీ ఆఫీసున్న ఊరికి పరుగెత్తనక్కర్లేదు. గడువు రెండేళ్లు. టెలికాం గొడవలను వినియోగదారుల కమిషన్లు వినవచ్చా అన్న సందేహాన్ని 2022లో వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు తీర్చేసింది, వినవచ్చని చెప్పింది.

చాట్ దేన్ని రుజువు చేయదు

చాట్ ప్రతి చెప్పేది ఏజెంటు ఏమన్నారన్నదే. ఆ మాటకు కంపెనీ కట్టుబడాలా అన్నది వేరే ప్రశ్న. ‘మా నిబంధనల్లో రీఫండ్ లేదు, ఏజెంటు పొరపాటున చెప్పారు’ అనేది కంపెనీలు తరచూ చేసే వాదన. దీనికి 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 237వ సెక్షన్‌లో ఒక పట్టు ఉంది. తన ఏజెంటుకు ఆ అధికారం ఉందని ఎదుటివాళ్లు నమ్మేలా యజమాని మాటలు గానీ ప్రవర్తన గానీ ఉంటే, ఏజెంటు అధికారం మించి చేసిన పనికి కూడా యజమాని కట్టుబడాలన్నది దాని సారం. రద్దు పనులకు చాట్‌కే రమ్మని కంపెనీయే చెప్పి, అక్కడ ఒకరిని కూర్చోబెట్టినప్పుడు, ఆ మాటను నమ్మడం కస్టమర్ తప్పని అనడం కష్టం.

అయితే ఇది నమ్మదగ్గ మాటలకే. ఆరు నెలల ప్లాన్‌కు రెండేళ్ల డబ్బు ఇస్తామని ఏజెంటు టైప్ చేస్తే అది ఎవరికైనా పొరపాటని తెలుస్తుంది. మన వైపు కూడా చాట్ మొత్తం శుభ్రంగా ఉండాలి. మనకు అనుకూలమైన ఒక్క వాక్యమే చూపిస్తే, కంపెనీ తన రికార్డు నుంచి మిగతా భాగం తీసి, దాని కిందే ‘రూటర్ తిరిగిచ్చాకే’ అన్న షరతు ఉందని చూపించవచ్చు. అప్పుడు మన నిజం మీదే అనుమానం వస్తుంది. అందుకే మొదటి నమస్కారం నుంచి చివరి సెలవు దాకా అన్నీ ఇవ్వాలి. చాట్‌లో కార్డు నంబరు, ఓటీపీ ఎప్పుడూ టైప్ చేయకూడదన్నది ఎలాగూ ఉంది. ఈ కాగితాలు రేపు నలుగురి చేతుల్లోకి వెళ్తాయి కాబట్టి ఆ నియమం ఇక్కడ ఇంకా గట్టిగా పాటించాలి.

మొత్తం పని పావుగంటలో అయిపోతుంది. సారాంశం టైప్ చేసి అవుననిపించుకోవడం, ట్రాన్‌స్క్రిప్ట్ మెయిల్‌కు తెప్పించుకోవడం, స్క్రీన్‌షాట్లు తీయడం, అదే రోజు కంపెనీకి మెయిల్ పెట్టడం. వీటిలో ఒక్కదానికే సమయం ఉంటే మొదటిదే చేయండి. అస్పష్టమైన చాట్‌కు వంద స్క్రీన్‌షాట్లు ఉన్నా ఫలితం లేదు. మొత్తం, తేదీ, ‘అవును’ అన్న మాట కనిపించే స్క్రీన్‌షాట్ ఒక్కటున్నా ₹5,040 కోసం నిలబడి అడగవచ్చు.